పన్నస అంటే పనస కాదు

కడప జిల్లా కమలాపురం ప్రాంతంలో ఎర్రగుడిపాడు అనే ఊరుంది. అక్కడ దొరికిన ఒక రాతి శాసనం తెలుగు వచనానికి మనకున్న తొలి నమూనాల్లో ఒకటి. రేనాటిని ఏలిన చోళుల నాటిది. తేదీ వేయలేదు కాబట్టి అక్షరాల తీరును బట్టి క్రీ.శ. 6వ శతాబ్దం చివరి కాలానిదని నిర్ణయించారు. మొత్తం ముప్పై మాటలకు మించదు. ఫలానావారు ఇచ్చారు, ఫలానావారు సాక్షులు, పుచ్చుకున్నవాడు రేవశర్మ అనే బ్రాహ్మణుడు, దీనికి అడ్డొచ్చినవాడికి పాపం తగులుతుంది. విషయం ఇంతే. ఊళ్లో కరణం రాసే దానపత్రంలో కూడా ఇంతకంటే ఎక్కువ మాటలుంటాయి.

నీలకంఠశాస్త్రి, మల్లంపల్లి తరం నాటి పండితులు ఇలాంటి శాసనాలను వెలికితీసి చదివి పెట్టారు. దీన్ని కె.ఎ. నీలకంఠశాస్త్రి, ఎం. వెంకటరామయ్య కలిసి ఎపిగ్రాఫియా ఇండికా 27వ సంపుటంలో ప్రకటించారు. అప్పటి నుంచి తెలుగు భాషా చరిత్ర రాసిన ప్రతివారూ దాన్ని ముట్టుకోకుండా వెళ్లలేదు. అయినా ఇవాళ ఎవరైనా ఈ ముప్పై మాటలనూ ఇంగ్లీషులో పెట్టమంటే, ఆధునిక నవల ముప్పై పేజీలు అనువదించడం కంటే ఎక్కువ కాలం పడుతుంది. ఎందుకు పడుతుందో, ఆ కాలమంతా ఏ పనికి పోతుందో చెప్పడానికి ఈ ఒక్క రాయి చాలు.

మొదటి సంగతి, అనువాదకుడి ముందుండేది రాయి కాదు, రాతి నకలు. శాసనాన్ని నీళ్లతో కడిగి, తడిపిన మందపాటి కాగితం దానిమీద పరిచి, గట్టి కుచ్చు బ్రష్‌తో కొడతారు. కాగితం అక్షరాల గుంటల్లోకి దిగుతుంది. తర్వాత సిరా పూసిన గుడ్డ అద్దకంతో పైపైన అద్దుతారు. గుంటలో పడిన భాగం తెల్లగా, మిగతాది నల్లగా వస్తుంది. శాసనాల వాళ్లు దీన్ని ఎస్టాంపేజీ అంటారు. ఉలి చేసిన గుంట, వాన చేసిన గుంట, గడ్డపార తగిలిన గుంట, అన్నీ ఆ కాగితం మీద ఒకే తెలుపు. అక్కడే తగాదా మొదలవుతుంది.

ఒక చిన్న గుండ్రని చుక్క ఉందనుకోండి. అది సున్న కావచ్చు, రాయి పెచ్చు లేచిన మచ్చ కావచ్చు. సున్న అయితే మాట ఒకటి, కాకపోతే ఇంకొకటి. ఆనాటి లిపిలో ప అక్షరం తల తెరుచుకుని ఉంటుంది, వ మూసుకుని ఉంటుంది. పైభాగం అరిగిపోతే వ కాస్తా ప అయి కూర్చుంటుంది. ఇంకో చిక్కు చూడండి. ఆ కాలపు లిపిలో ఎ, ఏ అనే తేడా రాతలో లేదు. ఒ, ఓ కూడా అంతే. ఎరికల్ అని మనం చదువుతున్న పేరును ఆనాటివాళ్లు ఎరికల్ అన్నారో, ఏరికల్ అన్నారో రాయి చెప్పదు. ఇంగ్లీషులో పేరు రాసేటప్పుడు మాత్రం ఏదో ఒకటి ఎంచుకోక తప్పదు. గుర్తులు పెట్టే పద్ధతిలో రాస్తే ఈ మీద గీత పెట్టాలా వద్దా అనేదే ఒక నిర్ణయం అవుతుంది.

అందుకే శాసనాలు అచ్చువేసే వాళ్లకు ఒక కుండలీకరణాల భాష ఉంది. అరిగిపోయి అనుమానంగా ఉన్న అక్షరాన్ని చదరపు కుండలీకరణంలో పెడతారు. చెక్కినవాడు పొరపాటు పడ్డాడని సంపాదకుడు దిద్దిన అక్షరాన్ని గుండ్రటి దాంట్లో పెడతారు. చెక్కడం మరిచిపోయాడని పూరించిన అక్షరానికి నక్షత్రం గుర్తు వేస్తారు. పూర్తిగా పోయిన చోట చుక్కలు. పాఠంలో ఇంత జాగ్రత్తగా దాచిన అనుమానమంతా అనువాదం దగ్గరికొచ్చేసరికి మాయమైపోవడం నేను చాలా చూశాను. తెలుగు పాఠంలో మూడు అక్షరాలు కుండలీకరణంలో ఉంటాయి, దాని ఇంగ్లీషు మాత్రం నున్నటి వాక్యంగా ఉంటుంది. తెలుగు రాని చరిత్రకారుడు చదివేది ఆ నున్నటి వాక్యాన్నే. ఊహ మీద కట్టిన మాటను అతను సాక్ష్యంగా తన పుస్తకంలోకి ఎత్తుకుంటాడు. నన్నడిగితే ఈ రంగంలో జరిగే నష్టంలో ఎక్కువ పాలు ఇక్కడే ఉంది. తప్పు చదవడం వల్ల జరిగే నష్టం అంతకంటే తక్కువ.

అక్షరాలు తేలాక మాటలు విడగొట్టాలి. రాతిమీద మాటకూ మాటకూ మధ్య ఎడం ఉండదు. పంక్తి చివర చోటు చాలకపోతే మాటను నడుమకు విరిచి కింది పంక్తిలోకి తీసుకుపోతారు. ఎర్రగుడిపాడు శాసనంలో ‘ఇచ్చిన పన్నస కొట్టంబున పాఱ రేవశర్మకు’ అనే భాగం ఉంది. ఇలా విడగొట్టి నేను రాయడమే ఒక నిర్ణయం. పన్నస దగ్గర ఆగితే, కొట్టం అనే ఊరి బ్రాహ్మణుడైన రేవశర్మకు ఇచ్చిన పన్నస అవుతుంది. ఆగకుండా పన్నసకొట్టం అని కలిపి చదివితే, పన్నసగా ఇచ్చిన కొట్టం అనో, ఆ పేరుగల ఊరనో తోస్తుంది. అంతకుముందే ‘ఇచ్చిన పన్నస’ అని విడిగా ఒకసారి వచ్చింది కాబట్టి ఇక్కడా విడిగానే ఉందనడం నాకు సబబుగా కనిపిస్తుంది. శాసనంలో ఒక మాట రెండుసార్లు రావడం అనువాదకుడికి దొరికే పెద్ద ఆసరా. ఒకసారే వచ్చిన మాటతో ఏం పాట్లు పడాలో కాసేపట్లో చెబుతాను.

ఇక లిపిలో ఇప్పుడు లేని అక్షరాలు. శాసనం చివర ‘వచ్చువాన్ఱు’ అని ఉంది. వచ్చేవాడు అని అర్థం. న్ కింద నేను ఱ రాశాను గానీ, రాతిమీది అక్షరం పలికే ధ్వని మన ఱ కాదు. తమిళంలో మూన్ఱు అన్నది తెలుగులో మూడు అయినట్టే వాన్ఱు కాస్తా వాండు, ఆపైన వాడు అయింది. ఆ ధ్వనికి తెలుగులో ప్రత్యేకంగా ఒక అక్షరం ఉండేది. అలాగే చోఴ అనే మాటలోని ఴ. అది తర్వాతి కాలంలో డ అయింది, అందుకే మన శాసనాల్లో చోడులు కనిపిస్తారు. ఈ రెండు అక్షరాలకూ కంప్యూటర్ లిపిలో చోటు దొరికిందే ఈమధ్య. యూనికోడ్‌లో ఴ 2014లో, ౚ 2015లో చేరాయి. అంతకుముందు టైపు చేసిన శాసన పాఠాల్లో ఎవరికి తోచిన అక్షరం వాళ్లు వాడారు. పుస్తకంలో గానీ తెరమీద గానీ కనిపించే ఱ నిజంగా ఱయేనా, లేక దాని వేషంలో ఉన్న ఇంకో అక్షరమా అని ఎస్టాంపేజీ బొమ్మ చూస్తే తప్ప తెలియదు. బొమ్మ చూడకుండా అచ్చుపాఠం నుంచి అనువదించేవాళ్లకు నేను చెప్పే మొదటి మాట, ఆ పని చేయకండి.

ఇప్పుడు పన్నస. ఈ మాట చూడగానే మనకు పనసకాయ తోస్తుంది. పనసచెట్ల తోటేదో దానమిచ్చారనుకుంటే కథ అందంగానే ఉంటుంది. కానీ రేనాటి శాసనాల్లో ఈ మాట మళ్లీమళ్లీ వస్తుంది. వచ్చిన చోటులన్నీ పక్కపక్కన పెడితే ఇచ్చేవాడు రాజో, రాజు తరఫువాడో. పుచ్చుకునేవాడు బ్రాహ్మణుడు. కొన్నిచోట్ల నేల కొలత కూడా ఉంటుంది. అంటే ఇది బ్రాహ్మణులకిచ్చే ఒకరకం భూదానం పేరు. నిఘంటువు ఇచ్చే అర్థం కంటే ఇలా వాడుకను పక్కపక్కన పేర్చి రాబట్టిన అర్థం గట్టిది. కుందూరి ఈశ్వరదత్తు ‘శాసన శబ్దకోశం’ చేసింది ఈ పనే. డి.సి. సర్కార్ ఇంగ్లీషులో కూర్చిన శాసన పదకోశం కూడా ఇలాంటిదే, అది దేశమంతటికీ కలిపి చేసినది. బ్రౌన్ నిఘంటువును ముందుగా తెరిచే అలవాటు చాలామందికి ఉంది. బ్రౌన్ 1850ల్లో అచ్చువేసింది 19వ శతాబ్దపు తెలుగు, అప్పటి కావ్యాల తెలుగు. ఈ రాయి దానికి పన్నెండు వందల ఏళ్లకు పైగా పాతది. నిఘంటువులో మాట దొరికినంత మాత్రాన అర్థం దొరికినట్టు కాదు.

పన్నసకు మూలం వెతికితే ఇంకో ఆకర్షణ ఎదురవుతుంది. ప్రాకృతంలో యాభైని పణ్ణాస అంటారు. యాభై కొలతల నేల అని అర్థం చెప్పాలని మనసు లాగుతుంది. కావచ్చు, ఒకప్పుడు అలా మొదలైందేమో. అయినా అనువాదంలో యాభై అని రాయకూడదు. మాట ఎక్కడ పుట్టిందన్నది ఒక ప్రశ్న, ఈ రాయి చెక్కిన నాడు దానికి ఏమర్థం ఉందన్నది వేరే ప్రశ్న. ఇంగ్లీషులో నేనైతే పన్నస అనే మాటనే ఉంచి, మొదటిసారి వచ్చిన చోట పన్ను లేకుండా బ్రాహ్మణుడికిచ్చిన భూమి అని ఒక వాక్యం అడుగున రాస్తాను. గ్రాంట్ అని మార్చేస్తే చదవడానికి హాయిగా ఉంటుంది నిజమే. కానీ శాసనాల్లో అగ్రహారం, వృత్తి, మాన్యం, పన్నస వేరువేరు మాటలు. నాలుగూ గ్రాంట్ అయిపోతే వాటి మధ్య తేడా ఏమిటని అడిగే వీలు కూడా చదివేవాడికి మిగలదు.

పాఱ అనేది పూర్తిగా చచ్చిపోయిన మాట కాదు, కావ్యాల్లో పాఱుడు అంటే బ్రాహ్మణుడు. తమిళంలో పార్ప్పాన్ దానికి చుట్టం. వాడుకలో మాత్రం మనకు మిగిలింది మట్టి తీసే పార. కొట్టం మరీ మోసగత్తె. ఇవాళ కొట్టం అంటే గొడ్లను కట్టేసే చోటు. పాత శాసనాల్లో అది ఊరు, కోటలాంటి స్థావరం. అద్దంకి శాసనంలో పండరంగడు గెలుచుకున్న పన్నెండు బోయకొట్టాలు గొడ్లపాకలు కావు గదా. పూర్తిగా తెలియని మాట దగ్గర అనువాదకుడు ఆగి వెతుకుతాడు. ఇంకా బతికే ఉండి అర్థం మార్చుకున్న మాట దగ్గర ఆగడు, అందుకే ఎక్కువ తప్పులు ఇలాంటి మాటల దగ్గరే జరుగుతాయి.

వక్రం కూడా అటువంటిదే. ‘దీనికి వక్రంబు వచ్చువాన్ఱు’ అని శాసనం. మాటకు మాట పెడితే దీనికి వంకరగా వచ్చేవాడు అవుతుంది. ఇంగ్లీషులో వంకరకు సరిపోయే మాట వేస్తే శాసనం చేతకాని వాడు రాసినట్టు కనిపిస్తుంది. అడ్డుపడేవాడు, ఈ దానాన్ని చెడగొట్టేవాడు అని దీని భావం. దానశాసనాల చివర ఈ అర్థంతో రకరకాల మాటలు వస్తాయి, ఇది అందులో ఒకటి. కాబట్టి ఇక్కడ భావాన్నే అనువదించాలి, పన్నస దగ్గర చేసినట్టు మూలపదాన్ని ఉంచనక్కర లేదు. రెండింటికీ తేడా ఏమిటంటే, పన్నస ఒక వ్యవస్థ పేరు, వక్రంబు వచ్చు అనేది ఒక మాట్లాడే తీరు. వ్యవస్థల పేర్లను ఉంచాలి, మాట్లాడే తీరును మార్చాలి. ఈ ఒక్క సూత్రంతో సగం అనుమానాలు తీరతాయి. అడ్డుపడ్డవాడికి పంచమహాపాతకాలు తగులుతాయన్నచోట ఆ అయిదూ ఏవో అడుగున చెప్పక తప్పదు. బ్రాహ్మణుణ్ణి చంపడం, కల్లు తాగడం, బంగారం దొంగిలించడం, గురుపత్నిని కూడడం, ఈ పనులు చేసినవాళ్లతో చేరి తిరగడం.

పేర్లలో కూడా ఇలాంటి చిక్కే ఉంది. సాక్షుల్లో వల్లవ దుకరాజులు ఒకరు. దుకరాజు, దుగరాజు అంటే యువరాజు అని పండితులు చెబుతారు. మరి ప్రిన్స్ వల్లవ అని రాయాలా, వల్లవ దుకరాజు అని పూర్తి పేరుగా రాయాలా? బిరుదు కాలక్రమంలో ఇంటిపేరులా మారిపోవడం మన దేశంలో మామూలే. దొర, రెడ్డి, నాయుడు మాటల చరిత్ర చూసినవాళ్లకు చెప్పనక్కర లేదు. అందుకని పేరుగానే ఉంచి, దుకరాజు బిరుదు కావచ్చని అడుగున చెప్పడం మంచిది. దుజయరాజులు అని చెక్కారు, అది దుర్జయ అయి ఉంటుంది. సాక్షిని సక్షి అని చెక్కారు. ఈ రెంటినీ సంస్కృతంలోకి దిద్ది ఇంగ్లీషులో పెట్టాలనిపిస్తుంది. సాక్షి దగ్గర ఇబ్బంది లేదు, విట్‌నెస్ అంటే సరిపోతుంది. పేరును మాత్రం రాతిమీద ఎలా ఉందో అలాగే ఉంచాలి. ఆనాటి రేనాటి జనం ఆ పేరును పలికిన తీరుకు మనకున్న ఆధారం అదొక్కటే.

ఇప్పుడు ఒకసారే వచ్చిన మాట. శాసనం మొదట్లో ‘ఎరికల్ముత్తురాజుల్ల కుణ్డికాళ్లు నివబుకాను ఇచ్చిన పన్నస’ అని ఉంది. ఇందులో నివబుకాను అంటే ఏమిటి? ఇక్కడ నిఘంటువులు చేతులెత్తేస్తాయి. అలాగని ఏమీ చెప్పలేమనుకోవద్దు. కింద సాక్షుల దగ్గర ‘సక్షికాను’ అని ఉంది. సాక్షులుగా అని దాని అర్థం. అంటే కాను అనేది ఇవాళ మనం మాట చివర పెట్టే ‘గా’కు పూర్వరూపం. ఆ కొలతే ఇక్కడ పెడితే నివబుకాను అంటే నివబుగా అనాలి. వ్యాకరణం ఇక్కడిదాకా చేయిపట్టి తీసుకొస్తుంది. ఆ నివబు ఏమిటన్నది మాత్రం తేలదు. సంస్కృతంలో నివాపం అంటే పితరులకిచ్చే అర్పణ. నిబంధం అంటే శాశ్వతంగా ఏర్పాటు చేసిన రాబడి. రెండూ దానం సందర్భానికి నప్పుతాయి. నప్పడం వేరు, అదేనని నిరూపించడం వేరు. పైగా వ అన్నది నిజంగా వయేనా, బ అన్నది బయేనా అని మళ్లీ బొమ్మ దగ్గరికి వెళ్లాలి. కుణ్డికాళ్లు కూడా ఇలాగే ఉంది. ముత్తురాజుల కింది అధికారి పేరు కావచ్చు, ఊరి పేరు కావచ్చు. మనిషి అయితే దానం ఇచ్చిన చేయి అతనిది, ఊరైతే ఇచ్చినది ముత్తురాజే. ఈ ఒక్క మాటతో దాత మారిపోతాడు.

ఇంత తేలాక ఇంగ్లీషుకు పోయే ముందు ఒక మెట్టు ఉంది. ఎంత అనుభవం ఉన్నా దాన్ని దాటెయ్యకూడదు. శాసనాన్ని ముందు ఇవాళ్టి తెలుగులో రాసుకోవాలి. నేను దీన్ని ఇలా రాసుకుంటాను. శుభం. ఎరికల్ ముత్తురాజుగారి కుణ్డికాళ్లు (మనిషి? ఊరు?) నివబుగా (అర్థం తెలియదు) ఇచ్చిన పన్నస. దుజయరాజుల ముత్తురాజు, నవప్రియ ముత్తురాజు, వల్లవ దుకరాజు సాక్షులుగా, కొట్టానికి చెందిన (లేదా కొట్టంలో ఉన్న) బ్రాహ్మణుడు రేవశర్మకు ఇచ్చిన పన్నస. దీనికి అడ్డొచ్చేవాడు పంచమహాపాతకాలు చేసినవాడవుతాడు.

ఇలా రాసుకుంటే అనుమానాలన్నీ తెలుగులోనే బయటపడతాయి. ఇంగ్లీషులో నేరుగా రాస్తే ఆ భాష వాక్యనిర్మాణం వాటిని కప్పేస్తుంది. ఎలాగంటే, పై పాఠంలో ఇచ్చాడు అనే క్రియ ఎక్కడా లేదు. ‘ఇచ్చిన పన్నస’ అనే ఉంది, శీర్షికలా. తెలుగులో అది చెల్లుతుంది, ఇచ్చినది ఎవరో తేల్చకుండా వాక్యం నడిచిపోతుంది. ఇంగ్లీషు మాత్రం కర్తను ముందు చెప్పు, తర్వాత క్రియ చెప్పు అని నిలదీస్తుంది. ముత్తురాజు ఇచ్చాడని రాశామా, కుణ్డికాళ్లు సంగతి మనం తీర్పు చెప్పేసినట్టే. అందుకని ఇంగ్లీషులోనూ దాన్ని వాక్యంగా కాక, ఇచ్చిన పన్నస అనే నామంగానే ఉంచడం మేలు. ఇంగ్లీషు కాస్త బిగుసుకుపోయినట్టు ఉంటుంది, ఉండనివ్వాలి. రాజుల సంఖ్య దగ్గర మాత్రం బిగుసుకోనక్కర లేదు. ముత్తురాజులు అన్నది గౌరవానికి వాడిన బహువచనం, మనిషి ఒక్కడే. దాన్ని ఇంగ్లీషులో బహువచనం చేస్తే సాక్షుల లెక్కే మారిపోతుంది.

అనుమానాన్ని దాచకుండా ఇంగ్లీషులోకి తేవడం ఎంత అవసరమో చూపడానికి ఇంకో శాసనం చెబుతాను. పోటీపరీక్షలకు చదివిన ప్రతివారికీ మోటుపల్లి అభయశాసనం తెలుసు. కాకతీయ గణపతిదేవుడు శక సంవత్సరం 1166లో, అంటే క్రీ.శ. 1244-45లో వేయించాడు. తుపానుకు చిక్కి ఒడ్డుకు కొట్టుకొచ్చిన ఓడల సరుకంతా పాత రాజులు లాక్కునేవారు, మేం అలా చేయం, సుంకం మాత్రమే తీసుకుంటాం అని సముద్రవర్తకులకు అందులో మాటిచ్చాడు. ఆ సుంకం పేరు తెలుగు చరిత్ర పుస్తకాల్లో కూపశుల్కం. ఎపిగ్రాఫియా ఇండికా 12వ సంపుటంలో హుల్ట్‌ష్ చేసిన ఇంగ్లీషు అనువాదంలో అది ఫిక్స్‌డ్ డ్యూటీ, అంటే ముందే నిర్ణయించిన సుంకం. కూపం అంటే మనకు తెలిసినది బావి. ఓడ తెరచాప కొయ్యను, పడవను కట్టే గుంజను కూడా సంస్కృతంలో కూపకం అంటారు. బావి నుంచి ఎంత లాగినా నిర్ణయించినది అనే అర్థం రాదు. ఆ అర్థం వచ్చేది కౢప్త అనే మాటకు. క కింద వేసే ఌ గుర్తు చాలా అరుదు, చాలామంది జీవితంలో ఒకటి రెండు మాటల్లో తప్ప చూసి ఉండరు. ఆ గుర్తును దీర్ఘంగా తీసుకుని, కింది త వత్తును వదిలేస్తే కౢప్త కాస్తా కూప అవుతుంది.

సందర్భం కౢప్త వైపే ఉందని నా అభిప్రాయం. మొత్తం సరుకు లాక్కోవడానికి ఎదురుగా నిలబడగలిగేది నిర్ణీతమైన సుంకమే. పైగా శాసనం ఆ వెంటనే ముప్పైకి ఒకటి చొప్పున అని రేటు చెప్పి, సరుకుల పట్టిక ఇస్తుంది. ఓడకొయ్యకింత అని వేసే పన్నయితే సరుకు విలువలో వంతు చెప్పవలసిన పని లేదు. ఇంత చెప్పాక కూడా, ఇప్పుడు దాన్ని మళ్లీ ఇంగ్లీషు చేసేవారు ఫిక్స్‌డ్ డ్యూటీ అని రాసి ఊరుకోకూడదు. కూప అనే పాఠం పుస్తకాల్లో ఉందని, తాము ఏ కారణంతో దాన్ని కాదన్నారో అడుగున రెండు వాక్యాల్లో చెప్పాలి. లేకపోతే తెలుగు పుస్తకం చదివినవాడు కూపశుల్కం అంటాడు, ఇంగ్లీషు చదివినవాడు నిర్ణీత సుంకం అంటాడు, ఇద్దరూ ఒకే మాట గురించి మాట్లాడుతున్నారని ఎవరికీ తెలియదు.

అదే శాసనంలో ధరలు గ, ప అనే పొడి అక్షరాలతో ఉంటాయి. గ అంటే గద్యాణం, ప అంటే పణం. హుల్ట్‌ష్ వాటిని పగోడా, ఫణం అని ఇంగ్లీషు చేశాడు. మద్రాసు ప్రెసిడెన్సీలో ఉద్యోగం చేసే దొరలకు అవి తెలిసిన పాత నాణేల పేర్లు కాబట్టి అప్పుడు చెల్లింది. ఇప్పటి ఇంగ్లీషు పాఠకుడికి పగోడా అంటే చైనాలోని అంతస్తుల గోపురం. వందేళ్లలో అనువాదమే పాతబడి, దానికే ఇంకో అనువాదం కావలసి వచ్చింది. అందుకే నాణేలు, కొలతల పేర్లను మార్చకుండా ఉంచమని చెబుతాను. గద్యాణం అని ఉంచితే ఇంకో వందేళ్లకైనా అది గద్యాణమే. నేల కొలతలు మరీ ప్రమాదం. ఖ అని చెక్కితే ఖండుగ. ఖండుగ నేల అంటే ఖండుగ విత్తనం పట్టే నేల. విత్తనం నేలను బట్టి, పంటను బట్టి, కొలపాత్రను బట్టి ఊరూరికీ మారుతుంది. దాన్ని ఎకరాల్లోకి మార్చి దశాంశాలతో సహా వేసిన అనువాదాలు ఉన్నాయి. ఆ దశాంశాలకు రాతిలో ఆధారం లేదు.

అనువాదం బాగుందో లేదో పరీక్షించడానికి ఇంగ్లీషు తప్ప రానివాళ్లకు కూడా ఒక మార్గం ఉంది. పక్కనే పాఠం, బొమ్మ అచ్చువేశారా అని చూడండి. పాఠంలో ఎన్ని చదరపు కుండలీకరణాలున్నాయో, అనువాదంలో దాదాపు అన్ని ప్రశ్నార్థకాలో, అడుగున వివరణలో కనిపించాలి. పాఠం నిండా కుండలీకరణాలుండి అనువాదం ఎక్కడా ఆగకుండా సాగిపోతుంటే దాన్ని నమ్మకండి.

చివరగా ఊళ్లలో ఉన్నవారికి ఒక విన్నపం. మీ గుడి గోడమీదో, చెరువు గట్టు మీదో శాసనం ఉంటే భక్తితోనైనా దానికి సున్నం కొట్టకండి. అక్షరాలు కనబడాలని గుంటల్లో రంగు నింపే అలవాటు చాలాచోట్ల ఉంది, దాన్ని ఆపించండి. రంగు వేసేవాడు తనకు తోచిన అక్షరాన్ని గీస్తాడు, ఆ తర్వాత వచ్చేవాళ్లు రాతిని కాక ఆ రంగును చదువుతారు. సుద్దముక్కతో దిద్దడం, ఉలితో లోతు చేయడం కూడా అంతే చెరుపు. పొద్దున్నో సాయంత్రమో ఎండ ఏటవాలుగా పడేటప్పుడు, పక్కన ఒక స్కేలు పెట్టి, నిటారుగా నిలబడి ఫోటోలు తీయండి. వెలుగు ఎడమ నుంచి పడేటప్పుడు ఒకటి, కుడి నుంచి పడేటప్పుడు ఒకటి ఉంటే గుంటకూ గీతకూ తేడా తెలుస్తుంది. వాటిని మీ రాష్ట్ర పురావస్తు శాఖకు గానీ, మైసూరులోని భారత పురావస్తు సర్వేక్షణ శాసన విభాగానికి గానీ, ఊరి పేరు, రాయి ఉన్న చోటు రాసి పంపండి.